‘జాగ్రత్తగా చూసుకో’ అన్న మాట చాలదు

ఒక శుక్రవారం రాత్రి పదిన్నర దాటాక మా క్యాజువాల్టీకి ఫోను వచ్చింది. అవతల మాట్లాడుతున్నది డిగ్రీ చదువుతున్న అమ్మాయి. “సిస్టర్, మా అమ్మమ్మకు ఒళ్లంతా చెమటలు పట్టాయి, చేతులు వణుకుతున్నాయి, నన్ను చూసి ఎవరో అంటోంది” అని ఏడుస్తోంది. డ్యూటీలో ఉన్న సిస్టర్ ముందు షుగరు చూడమంది. మిషన్‌లో 48 వచ్చింది. అమ్మమ్మ ఇంకా మింగగలుగుతోందని తెలుసుకుని, మూడు నిండు టీ చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించమంది. పదిహేను నిమిషాలకు 66. మళ్లీ అంతే తాగించాక 104. తర్వాత పెరుగన్నం తినిపించారు. ఆ రాత్రి ప్రాణాపాయం తప్పింది.

మరునాడు ఓపీలో విషయం తెలిసింది. ఇన్సులిన్ బాధ్యత రోజూ చూసే కోడలు, కూతురి పురిటికని ఎనిమిది రోజులు ఊరెళ్లింది. వెళ్తూ అత్తగారి బాధ్యతను ఆమె మనవరాలికి అప్పగించింది. బస్సు ఎక్కే తొందరలో చెప్పిన మాటలు ఇవి: “అమ్మమ్మను జాగ్రత్తగా చూసుకో తల్లీ. ఉదయం పద్దెనిమిది, రాత్రి పది. ఏదేమైనా సూది మాత్రం మానకు. షుగరు మరీ ఎక్కువుంటే రెండు మూడు పెంచు. ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యి.” ఆ శుక్రవారం సంఘంలో ఉపవాస ప్రార్థన. అమ్మమ్మ మధ్యాహ్నం నుంచే భోజనం మానింది. సాయంత్రం ఏడున్నరకు మనవరాలు చెప్పిన ప్రకారం పది యూనిట్లు వేసింది. అన్నం పెడితే, “ఈ పూట నాకొద్దమ్మా, నీళ్లు తాగి పడుకుంటా” అంది. పెద్దావిడ కదా, ప్రార్థన కదా అని ఆ పిల్ల బలవంతం చేయలేదు. అత్తకు ఫోన్ చేస్తే అందలేదు.

ఇంట్లో అందరూ ఆ పిల్లనే తప్పు పట్టారు. ఇందులో ఆమె తప్పు లేదని మా అభిప్రాయం. ఆమె చెప్పిన పని చెప్పినట్టే చేసింది. “మానకు” అన్నారు, మానలేదు. తిండికీ సూదికీ ఉన్న సంబంధం ఎవరూ చెప్పలేదు. తినకపోతే ఏం చేయాలో చెప్పలేదు. అత్త ఫోన్ అందకపోతే ఎవరికి చేయాలో చెప్పలేదు. లోపం అప్పగించడంలో ఉంది. అందులో మాకూ కొంత భాగం ఉంది. ఆ కోడలికి ఇన్సులిన్ మొదలుపెట్టిన రోజున మేము కూడా వరండాలో నిలబడి నోటితోనే చెప్పాం, చీటీలో మందు పేరూ యూనిట్లూ మాత్రమే రాశాం. ఆమె తనకు అందినట్టే ఇంకొకరికి అందించింది.

అందుకే ఈ పేజీలో మేము ఒకటే మాట చెప్పదలిచాం. ఇన్సులిన్ వేసే పనిని, ఒక్క రోజుకైనా సరే, ఇంకొకరికి అప్పగించేటప్పుడు కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కాగితంలో నాలుగు సంగతులు ఉండాలి: ఈ పనితో మనకు కావలసింది ఏమిటి, ఆ మనిషి తన ఇష్టప్రకారం ఏం చేయవచ్చు ఏం చేయకూడదు, ఏది ఏ వేళకు జరగాలి, సందేహం వస్తే ఎవరిని అడగాలి. యూనిట్లు ఒక్కటే రాస్తే అది అప్పగింత కాదు.

ముందుగా, కావలసింది ఏమిటో రాయండి. చాలామంది కాగితం మీద పనులే రాస్తారు: “పొద్దున సూది, మధ్యాహ్నం మాత్ర, రాత్రి సూది.” ఆ పనులన్నీ ఎందుకో తెలియని మనిషి, పరిస్థితి మారిన రోజున కూడా అదే పని చేస్తుంది. మనకు కావలసింది సూది పడటం కాదు. షుగరు మరీ ఎక్కకుండా, అంతకంటే ముఖ్యంగా మరీ పడిపోకుండా ఉండటం. ఈ అమ్మమ్మకు డాక్టరుగారు రాసిన హద్దులు ఇవి: ఉదయం పరగడుపున 100 నుంచి 150, రాత్రి పడుకునే ముందు 110 నుంచి 180. ఎప్పుడూ 70 కంటే తగ్గకూడదు. ఈ మాట ఆ శుక్రవారం కాగితం మీద ఉండి ఉంటే, అమ్మమ్మ అన్నం వద్దన్నప్పుడు ఆ పిల్లకు ప్రశ్న పుట్టేది. “తినకపోతే షుగరు పడిపోతుంది కదా, మరి సూది ఎలా వేయను?” అని అడిగేది. ఆ ప్రశ్న పుట్టించడానికే మొదటి భాగం.

ఈ అంకెలు అందరికీ ఒకటి కావు. వయసు, కిడ్నీ, గుండె, ఒంటరిగా ఉంటారా అన్నదాన్ని బట్టి మారతాయి. మీ ఇంటి మనిషికి ఎంతో మీ డాక్టరునే అడిగి రాయించుకోండి. పొరుగింటి కాగితం చూసి రాయకండి.

రెండవది హద్దులు. ఇన్సులిన్ విషయంలో ప్రమాదం ఎక్కువగా ఇక్కడే వస్తుంది. “ఎక్కువుంటే రెండు మూడు పెంచు” అన్న మాట కోడలికి సరిపోతుంది. ఆమె నాలుగేళ్లుగా అత్తగారి శరీరం చూస్తోంది. ఏ కూర తిన్నాక ఎంత ఎక్కుతుందో, ఏ రోజు తక్కువ తిందో ఆమెకు తెలుసు. కొత్తగా వచ్చిన మనవరాలికి ఆ అనుభవం లేదు. కాబట్టి ఆమెకు ఇచ్చే హద్దు కచ్చితంగా ఉండాలి: యూనిట్లు పెంచడం, తగ్గించడం ఆమె పని కాదు. అంకె ఎంత వచ్చినా సరే.

అయితే చేయకూడనివి మాత్రమే రాస్తే ఆ మనిషి చేతులు కట్టేసినట్టవుతుంది. అడగకుండా వెంటనే చేయవలసినవీ రాయాలి. షుగరు 70 కంటే తక్కువుంటే ఎవరి అనుమతీ అక్కరలేదు, ముందు పంచదార నీళ్లు, తర్వాతే ఫోన్. మిషన్ చేతిలో లేకపోయినా చెమట, వణుకు, మాట తడబాటు కనిపిస్తే అదే చేయాలి. స్పృహ లేకపోతే, లేదా మింగలేకపోతే, నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇలాంటి వేళ “అత్తను అడిగి చేద్దాం” అని ఆగితే ఆ పది నిమిషాలే ప్రాణం మీదికి తెస్తాయి. మంచి కాగితంలో “ఆగి అడుగు” అన్నవీ “ఆగకుండా చెయ్యి” అన్నవీ వేరువేరుగా కనిపించాలి.

మూడవది వేళలు. రోజూ జరిగే పనికి గడియారం వేళలు రాయండి. “పొద్దున” అంటే ఒకరికి ఆరు, ఇంకొకరికి తొమ్మిది. ఈ అమ్మమ్మ వాడేది 30/70 అనే మిశ్రమ ఇన్సులిన్. భోజనానికి అరగంట ముందు వేయాలని ఆమెకు చెప్పారు. కాబట్టి సూది వేళతో పాటు భోజనం వేళ కూడా కాగితం మీద ఉండాలి. దాని పక్కనే ఇంకొక మాట: వంట సిద్ధమై, అమ్మమ్మ తింటాను అన్నాకే సీసా బయటికి తీయాలి. మేము చూసిన శుక్రవారం ప్రమాదాన్ని ఈ ఒక్క వాక్యం ఆపగలిగేది.

వేళల్లో ఇంకొకటి దాగి ఉంటుంది, అది చాలామంది మరిచిపోతారు. మందు ఎప్పుడు అయిపోతుంది? లెక్క చూడండి. మన దగ్గర మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసా 10 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 40 యూనిట్లు, అంటే సీసాలో 400 యూనిట్లు. ఈ అమ్మమ్మకు రోజుకు 18, 10 కలిపి 28 యూనిట్లు. కోడలు ప్రయాణమైన సోమవారం నాటికి సీసా సగం ఉంది, అంటే 200 యూనిట్లు. 28 చొప్పున ఏడు రోజులకు 196 పోతాయి. ఎనిమిదో రోజు ఉదయానికి సీసాలో నాలుగే మిగులుతాయి. కోడలు తిరిగి వచ్చేది ఆ రాత్రికి! ఇది ముందే లెక్కవేసి “శుక్రవారం సాయంత్రం లోపల కొత్త సీసా కొని తేవాలి” అని రాస్తే ఆదివారం రాత్రి మూసిన షాపుల ముందు తిరిగే పని ఉండదు. చివరి గడువు కూడా రాయాలి, అంటే ఈ బాధ్యత ఎప్పటితో ముగుస్తుందో. లేకపోతే కోడలు వచ్చిన రాత్రి “పిల్ల వేసి ఉంటుంది” అని ఈమె, “అత్త వచ్చేసింది కదా” అని ఆమె, ఇద్దరూ ఊరుకుంటారు. లేదా ఇద్దరూ వేస్తారు. రెండోది మరీ ప్రమాదం.

నాలుగవది, ఎవరిని అడగాలి. “ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యి” అన్న మాటలో రెండు లోపాలు ఉన్నాయి. ఏది “ఏదైనా” అన్నది తెలియదు. ఆ ఫోన్ అందకపోతే ఏమిటో తెలియదు. కాబట్టి ఏ సంగతికి ఫోన్ చేయాలో అంకెలతో రాయండి, ఎవరికి చేయాలో వరుసగా రాయండి. మొదటి మనిషి రెండుసార్లు ఎత్తకపోతే రెండో మనిషి. ఆ రెండో మనిషి సమాధానం చెప్పగలిగినవాడై ఉండాలి. పక్కింటి పెద్దాయన మంచివాడే కావచ్చు, ఆటో పిలిపించగలడు, కానీ రాత్రి డోసు వేయాలా వద్దా అని ఆయన్ను అడిగించడం న్యాయం కాదు. ఆయన పేరు పక్కన “బండి కోసం” అని రాయండి. డోసు సంగతికి ఆసుపత్రి నంబరు రాయండి. రాసేముందు ఆ ఇద్దరికీ మీరే ఫోన్ చేసి, “ఈ వారం మా అమ్మాయి ఫోన్ చేయవచ్చు” అని చెప్పి ఉంచండి.

ఆ సంఘటన తర్వాత రెండు నెలలకు కోడలు మనవణ్ణీ కూతుర్నీ తీసుకురావడానికి మళ్లీ ఎనిమిది రోజులు వెళ్లవలసి వచ్చింది. ఈసారి ప్రయాణానికి మూడు రోజుల ముందు మా ఓపీకి వచ్చి కూర్చుంది. డాక్టరుగారిని అడిగి అంకెలు ఖాయం చేసుకుని, మా సిస్టర్ సాయంతో ఒక కాగితం రాసింది. వారి అనుమతితో, పేర్లూ నంబర్లూ తీసివేసి ఇక్కడ ఇస్తున్నాం.

అమ్మమ్మ ఇన్సులిన్ కాగితం
ఈ సోమవారం ఉదయం నుంచి వచ్చే సోమవారం రాత్రి భోజనం వరకు. ఆ రాత్రి సూది కూడా నీదే. మంగళవారం ఉదయం నుంచి నాది. సూది వేసేది నువ్వు ఒక్కదానివే. మామయ్య సాయం ఉంటాడు కానీ సూది వేయడు.

కావలసింది: అమ్మమ్మ షుగరు పరగడుపున 100 నుంచి 150, పడుకునే ముందు 110 నుంచి 180 ఉండాలి. 70 కంటే ఎప్పుడూ తగ్గకూడదు. కొంచెం ఎక్కువైనా ఒక పూటకు కంగారు లేదు, తక్కువ మాత్రం కాకూడదు.

వేళలు: ఉదయం 7 గంటలకు పరీక్ష. 7:30కి 18 (పద్దెనిమిది) యూనిట్లు. 8 గంటలకు టిఫిన్. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం, సూది లేదు. రాత్రి 7:30కి 10 (పది) యూనిట్లు. 8 గంటలకు భోజనం. 10 గంటలకు పరీక్ష. 110 కంటే తక్కువుంటే ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు ఇచ్చి పడుకోబెట్టు. శుక్రవారం సాయంత్రం లోపల కొత్త సీసా కొనాలి, డబ్బు, చీటీ డబ్బాలో ఉన్నాయి. పాత సీసా చూపించి అదే ఇమ్మని అడుగు.

అడగకుండా చెయ్యి: షుగరు 70 కంటే తక్కువ, లేదా చెమట, వణుకు, మాట తేడా ఉంటే మూడు నిండు టీ చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో. 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే. పెరిగాక అన్నం. అప్పుడు ఫోన్. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకు, పక్కకు తిప్పు, 108.

ఆగి అడుగు: తినను అన్నా, సగం కూడా తినకపోయినా, వాంతులైనా, ఉపవాసం అన్నా, సూది తీయకముందే ఫోన్ చెయ్యి. సూది ముందు పరీక్షలో 100 కంటే తక్కువ ఉన్నా ఫోన్ చెయ్యి. వరుసగా రెండుసార్లు 300 దాటితే ఫోన్ చెయ్యి. యూనిట్లు నువ్వుగా పెంచకు, తగ్గించకు. వేశావో లేదో గుర్తు లేకపోతే మళ్లీ వేయకు, ఫోన్ చెయ్యి.

ఎవరిని: ముందు నేను. రెండుసార్లు ఎత్తకపోతే ఆసుపత్రి సిస్టర్లు, రాత్రైనా సరే. బండి కావాలంటే పక్కింటి తాతగారు. మామయ్యకు తర్వాత చెప్పవచ్చు.

ఇంతే కాగితం. నోటుబుక్కు పేజీకి అటూ ఇటూ సరిపోయింది. దీనిలో కొన్ని చిన్న సంగతులు చూడండి. యూనిట్లు అంకెతోనూ అక్షరాలతోనూ రాసింది. కొందరు అంకె పక్కన ఇంగ్లీషు అక్షరం ‘యు’ మాత్రం పెడతారు. తొందరలో అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అని చదివే ప్రమాదం ఉంది. మందుల పొరపాట్లను గమనించేవారు ఆ పొట్టి రాత మానమని ఎప్పటినుంచో చెబుతున్నారు. “యూనిట్లు” అని పూర్తిగా రాయండి. రెండోది, “వేశావో లేదో గుర్తు లేకపోతే మళ్లీ వేయకు” అన్న మాట. ఒక డోసు తప్పితే ఆ పూట షుగరు ఎక్కుతుంది. రెండు డోసులు పడితే ఆ రాత్రే పడిపోతుంది. అందుకే కాగితం కింద ఎనిమిది రోజులకు గళ్లు గీసి, సూది వేసిన వెంటనే, సిరంజి కింద పెట్టకముందే, వేళ రాయమని చెప్పారు.

కాగితం రాసి చేతిలో పెట్టడంతో పని పూర్తి కాదు. ఆ కోడలు ప్రయాణానికి ముందు ఆదివారం మనవరాలి చేత కాగితం పైకి చదివించింది. “చదివావా, అర్థమైందా?” అని అడిగితే ఎవరైనా “ఆ” అనే అంటారు. కాబట్టి ఆమె వేరేలా అడిగింది: “రాత్రి ఏడున్నర అయింది, అమ్మమ్మ కడుపు బాగోలేదు అంటోంది. ఏం చేస్తావు చెప్పు.” ఆ పిల్ల, “పది యూనిట్లు వేసి పాలు ఇస్తా” అంది. కాగితం మీద ఉన్నా ఆమె మనసులో పాత మాట, “మానకు” అన్నదే ఉంది! అప్పుడు మళ్లీ చూపించింది, ఆ వరుస కింద గీత గీయించింది. ఇలా రెండు మూడు సందర్భాలు అడిగితే కాగితంలో ఏ మాట అర్థం కాలేదో మీరు ఊళ్లో ఉన్నప్పుడే బయటపడుతుంది.

ఆ రాత్రి డోసు తన ఎదుటే వేయించింది. మిశ్రమ ఇన్సులిన్ తెల్లగా పాలలా ఉంటుంది. అడుగున పేరుకున్నది కలిసేలా సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, ఊపకూడదు. సిరంజి కూడా చూపించింది. మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల మందుకు నారింజ మూత సిరంజి. ఇవి మారితే గీత ఒకటే కనిపించినా మందు ఒకటి కాదు. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 18 గీత వరకు లాగితే లోపలికి వెళ్లేది 45 యూనిట్లు! అందుకే కోడలు ఎనిమిది రోజులకు సరిపడా ఎర్ర మూత సిరంజిలు, మిషన్, స్ట్రిప్పులు, పంచదార డబ్బా అన్నీ ఒకే డబ్బాలో పెట్టి, వేరే సిరంజిలు ఇంట్లోంచి తీసేసింది. సీసా ఫ్రిజ్ తలుపు అరలో ఉంచింది. పైన గడ్డకట్టే అరలో పెట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

ఆ ఎనిమిది రోజులు ఎలా గడిచాయో కూడా చెప్పాలి. బుధవారం రాత్రి అమ్మమ్మకు వాంతి అయింది, అన్నం వద్దంది. మనవరాలు సీసా తీయలేదు. అత్తకు రెండుసార్లు చేసింది, ఎత్తలేదు. మా వార్డుకు చేసింది. షుగరు 132 ఉంది. డ్యూటీ డాక్టరు వివరాలు అడిగి ఆ పూటకు ఏం చేయాలో చెప్పారు, రాత్రి రెండు గంటలకు మరోసారి పరీక్ష చేయమన్నారు. ఉదయానికి 171. పరగడుపు హద్దు దాటింది నిజమే, కానీ పడిపోలేదు. కాగితంలో రాసినట్టు ఒక పూట కొంచెం ఎక్కువైనా కంగారు లేదు కాబట్టి ఆ పిల్ల కంగారుపడి యూనిట్లు పెంచలేదు. శుక్రవారం కొత్త సీసా కొంది. గళ్లన్నీ నిండాయి.

కాగితంలో లేనిదీ ఒకటి వచ్చింది. శనివారం బంధువులు బుట్టెడు మామిడిపళ్లు తెచ్చారు. అమ్మమ్మ ఒక పండు మొత్తం అడిగింది. పండు గురించి కాగితంలో ఒక్క మాటా లేదు. ఆ పిల్ల ఫోన్ చేసి అడిగింది, రెండు ముక్కలు ఇవ్వమని జవాబు వచ్చింది. ఏ కాగితమూ అన్నీ రాయలేదు. కావలసింది ఏమిటో తెలిసి, అడగవలసిన మనిషి ఎవరో తెలిస్తే రాయని చోట కూడా దారి దొరుకుతుంది. కోడలు తిరిగి వచ్చాక ఆ కాగితానికి పండ్ల వరుస ఒకటి చేర్చింది.

కొందరు మాతో అంటారు: “ఇంటి పిల్లకు కాగితం రాసిస్తే నమ్మకం లేనట్టు ఉండదా?” మా అనుభవం వేరు. మొదటిసారి ఆ పిల్ల మీద నిందంతా పడింది, ఎందుకంటే ఏం చెప్పారో ఎవరికీ రుజువు లేదు. రెండోసారి ఆమె రాత్రి డోసు వేయకుండా ఆగినప్పుడు మామయ్య గద్దించాడు. ఆమె కాగితం చూపించింది, ఆయన ఊరుకున్నాడు. కాగితం ఆమెకు అండగా నిలిచింది. పెద్దలున్న ఇంట్లో చిన్నవాళ్లు “వేయను” అనాలంటే పెద్దల చేతి రాత ఒకటి వాళ్ల చేతిలో ఉండాలి.

“మా ఇంట్లో చూసుకునే మనిషికి చదువు రాదు” అనేవారూ ఉన్నారు. అలాంటప్పుడు సూర్యుడు, చంద్రుడు, పళ్లెం బొమ్మలు గీసి, పక్కన అంకెలు పెద్దవిగా వేయండి. మిషన్‌లో కనిపించే అంకె గుర్తుపట్టగలిగితే చాలా మేలు. 70 కింద ఎర్ర రంగు, 300 పైన ఎర్ర రంగు పూయండి. పిలవవలసిన ఇద్దరి నంబర్లు ఫోనులో ఒక్క మీట నొక్కితే వెళ్లేలా పెట్టండి. అంకెలు కూడా రాని మనిషికి ఇన్సులిన్ మాత్రం అప్పగించకండి, ఆ వారానికి మా సిస్టర్లను అడగండి.

ఈ కాగితానికీ హద్దులున్నాయి. చిన్న వయసులోనే ఇన్సులిన్ మీదే ఆధారపడిన టైప్ 1 వారికి ఇది సరిపోదు. వారు తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపితే ప్రమాదం. వారి కాగితం డాక్టరుతోనే విడిగా రాయించుకోవాలి. ఇంకా, డోసు మారిన రోజున పాత కాగితం చించేయండి. రెండు కాగితాలు ఫ్రిజ్ మీద ఉంటే మొదట కనిపించినదే అమలవుతుంది. అందుకే పైన తేదీ తప్పక వేయండి.

మా వైపు నుంచి ఒకటి మార్చుకున్నాం. ఇన్సులిన్ చీటీ ఇచ్చేటప్పుడు ఇప్పుడు “మీరు ఊరెళ్తే ఎవరు వేస్తారు?” అని అడుగుతున్నాం. ఆ మనిషి పేరు చెప్పగానే, వచ్చేసారి ఆ మనిషిని వెంట తీసుకురమ్మంటున్నాం. మీరు ఇన్సులిన్ వేసే ఇంటివారైతే, ప్రయాణానికి మూడు రోజుల ముందు మిషన్‌లోని పాత అంకెలు, సీసా, సిరంజి తీసుకుని ఓపీకి రండి. నాలుగు భాగాలూ మీ చేత్తోనే రాయండి, అంకెలు మేము సరిచూసి సంతకం పెడతాం.